గీత చక్కగా కుదిరింది, అడుగున అంకె మాత్రం మైనస్‌లో ఎందుకు?

రక్తంలో మందు ఎంతుందో కొలిచే ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కాలిబ్రేషన్ కర్వ్ గీశాం, స్టాండర్డ్‌లన్నీ గీత మీదే కూర్చున్నాయి, r² విలువ 0.999 దాటింది. తీరా అదే గీతతో అన్నిటికంటే పలచని స్టాండర్డ్‌ను తిరిగి లెక్కకడితే సున్నాకంటే తక్కువ వస్తోంది. మందు కలిపి మరీ పెట్టిన ట్యూబులో మైనస్ మందు ఎలా ఉంటుంది?

ట్యూబులోనూ తప్పు లేదు, మెషీన్‌లోనూ లేదు. గీతను ఎంచుకున్న పద్ధతిలో ఉంది. నిజమైన ల్యాబుల్లో కనిపించే తీరులోనే ఒక ఉదాహరణ కూర్చి, లెక్క వేసి చూద్దాం.

ముందు అంకెలు చూద్దాం

హైదరాబాద్‌లోని బయోఈక్వివలెన్స్ ల్యాబుల్లో రోజూ జరిగే పనినే తీసుకుందాం. ప్లాస్మాలో ఒక మందును ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మీద కొలుస్తున్నాం. పరిధి మిల్లీలీటరుకు 1 నానోగ్రాము నుంచి 1000 నానోగ్రాముల దాకా. ఇంత వెడల్పు ఎందుకంటే, మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో మందు శిఖరానికి చేరుతుంది, మర్నాటికి అడుగంటుతుంది. రెండు చివరలనూ ఒకే గీతతో కొలవాలి.

మందు పీక్ ఏరియాను ఇంటర్నల్ స్టాండర్డ్ పీక్ ఏరియాతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మన y. కలిపిన గాఢత x. ఎనిమిది స్టాండర్డ్‌లు పెట్టాం. వాటికి y = a + bx అనే గీతను రెండు విధాలుగా అమర్చి, ఒక్కో స్టాండర్డ్ ఎంత చూపిస్తుందో తిరిగి లెక్కకట్టాం. మూడో నిలువు వరుస మామూలు లీస్ట్ స్క్వేర్స్, అంటే వెయిట్ లేనిది. నాలుగోది 1/x² వెయిట్ పెట్టినది.

| కలిపిన గాఢత (x) | నిష్పత్తి (y) | వెయిట్ లేకుండా | 1/x² వెయిట్‌తో |
|---|---|---|---|
| 1 | 0.0123 | −2.22 | 1.02 |
| 2 | 0.0212 | −1.32 | 1.91 |
| 10 | 0.104 | 7.07 | 10.2 |
| 50 | 0.490 | 46.2 | 48.7 |
| 100 | 1.03 | 101 | 103 |
| 400 | 4.12 | 414 | 411 |
| 800 | 8.10 | 818 | 808 |
| 1000 | 9.70 | 980 | 968 |

వెయిట్ లేని గీతకు స్లోప్ 0.00986, ఇంటర్‌సెప్ట్ 0.0342, r² విలువ 0.9991. వెయిట్ పెట్టిన గీతకు స్లోప్ 0.01002, ఇంటర్‌సెప్ట్ 0.0021. స్లోప్‌ల మధ్య తేడా రెండు శాతం కూడా లేదు. గ్రాఫ్ కాగితం మీద రెండూ ఒకే గీతలా కనబడతాయి. ఇంటర్‌సెప్ట్ మాత్రం పదహారు రెట్లకు పైగా మారిపోయింది. అడుగున జరిగిందంతా అక్కడే ఉంది: 1 నానోగ్రాము స్టాండర్డ్ ఇచ్చిన సిగ్నలే మొత్తం 0.0123 అయితే, అందులోంచి 0.0342 తీసేయమంటోంది మొదటి గీత. మైనస్ రాక ఏం వస్తుంది?

ఇంటర్‌సెప్ట్‌ను అంత ఎత్తుకు ఎవరు లాగారు?

మామూలు లీస్ట్ స్క్వేర్స్ చేసేది ఒక్కటే పని. ప్రతి బిందువు గీతకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలన్నీ కూడి, ఆ మొత్తం అతి తక్కువయ్యే గీతను ఎంచుకుంటుంది. బిందువులన్నిటిలో ఒకే స్థాయి అనిశ్చితి ఉందన్న నమ్మకం ఈ పద్ధతిలో దాగి ఉంది. 1 దగ్గరా 1000 దగ్గరా y విలువ ఒకే మోతాదులో అటూ ఇటూ ఊగుతుందని అది అనుకుంటుంది.

మన పనిలో అలా జరగదు. పిపెట్‌తో తీసేటప్పుడు వచ్చే తేడా శాతంలో ఉంటుంది. ఎక్స్‌ట్రాక్షన్‌లో పోయేదీ, ఇంజెక్షన్‌లో మారేదీ శాతంలోనే. కాబట్టి 1000 దగ్గర మూడు శాతం తేడా అంటే 30 నానోగ్రాములు. 1 దగ్గర అయిదు శాతం తేడా ఉన్నా 0.05 నానోగ్రాము మాత్రమే. ఇప్పుడు వాటిని వర్గం చేయండి: అక్కడ 900, ఇక్కడ 0.0025. మూడున్నర లక్షల రెట్ల తేడా. గీతను ఎంచుకునే లెక్కలో పై స్టాండర్డ్ గట్టిగా అరుస్తుంటే కింది స్టాండర్డ్ గొంతు వినబడనే వినబడదు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఉంగరం పెట్టి తూకం చెప్పమన్నట్టే ఇది. లారీ బరువులో పది కిలోలు అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు, ఆ పది కిలోల్లో ఉంగరం కనబడకుండా పోతుంది.

మన పట్టికలో 400, 800 స్టాండర్డ్‌లు కాస్త ఎక్కువ చదివాయి, 1000 మూడు శాతం తక్కువ చదివింది. ఏ ల్యాబులోనైనా ఇది మామూలే, ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ మూడూ కలిసి గీత పై కొసను కొద్దిగా కిందికి వంచాయి. పై కొస దిగితే, మధ్యలో ఆనించిన కర్రలాగే కింది కొస లేస్తుంది. అక్కడ లేచినది 0.03 మాత్రమే. పైనున్న 9.70కి అది లెక్కలోకి రాదు, కింద ఉన్న 0.0123కి అది దాదాపు మూడింతలు.

దీన్ని ఇంకో విధంగా కూడా చూడవచ్చు. రిగ్రెషన్ రిపోర్టు ఇంటర్‌సెప్ట్ పక్కన దాని స్టాండర్డ్ ఎర్రర్‌ను కూడా అచ్చువేస్తుంది, చాలామంది అటు చూడరు. మన వెయిట్ లేని గీతకు అది 0.056. అంటే ఇంటర్‌సెప్ట్ ఎక్కడుందో ఆ గీతకే తెలియదు, దాదాపు 5.7 నానోగ్రాములకు సమానమైన సందేహం అందులో ఉంది. అలాంటి గీతతో 1 నానోగ్రాము కొలవబోతున్నాం. వెయిట్ పెట్టిన గీతలో అదే ఎర్రర్ 0.00033, అంటే 0.03 నానోగ్రాము. అవే ట్యూబులు, అవే పీక్‌లు, సందేహం మాత్రం నూట డెబ్భై రెట్లు తగ్గింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. వెయిట్ లేని గీత ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుందని చాలామంది అనుకుంటారు. సంబంధం నిజంగా సరళరేఖే అయితే అలా కాదు. వందల రన్‌ల ఇంటర్‌సెప్ట్‌ల సగటు తీస్తే అది అసలు విలువ దగ్గరికే వస్తుంది. చిక్కు ఏమిటంటే మన చేతిలో ఉన్నది ఈ రోజు రన్ ఒక్కటే. ఈ రోజు మైనస్ 2 చూపిన గీత రేపు అదే ట్యూబుకు ప్లస్ 5 చూపవచ్చు. పై స్టాండర్డ్‌లు ఆ రోజు ఎటు ఒరిగాయో దాన్ని బట్టి కింది అంకెలు ఊగుతూంటాయి. రోగి నమూనాకు సగటు రన్ దొరకదు.

మరి r² ఎందుకు హెచ్చరించలేదు?

r² కూడా అవే వర్గాల మొత్తం మీదే ఆధారపడుతుంది. y లో ఉన్న మొత్తం ఊగులాటలో గీత ఎంత భాగాన్ని వివరించిందో చెబుతుంది. 0.01 నుంచి 10 దాకా పరుచుకున్న y విలువల్లో ఆ ఊగులాటలో ఎక్కువ భాగం పై మూడు బిందువులదే. అవి గీత దగ్గరుంటే చాలు, r² మూడు తొమ్మిదులు చూపిస్తుంది. కింది బిందువు మూడు వందల శాతం తప్పినా దాని వాటా దశాంశంలో ఎక్కడో దాక్కుంటుంది. వెడల్పైన పరిధిలో r² చూసి కర్వ్‌ను ఒప్పుకోవడం నా దృష్టిలో కింది సగాన్ని చూడకుండా సంతకం పెట్టడమే.

చూడాల్సింది తిరిగి లెక్కకట్టిన గాఢత, అది అసలు గాఢత నుంచి ఎంత శాతం తప్పిందన్నది. 2022లో ఖరారైన ఐసీహెచ్ ఎం10 మార్గదర్శకం అడిగేదీ ఇదే. అత్యల్ప స్టాండర్డ్ 20 శాతం లోపల, మిగతావి 15 శాతం లోపల ఉండాలి. కనీసం ఆరు స్థాయిలు, మొత్తంలో ముప్పాతిక వంతు స్టాండర్డ్‌లు ఈ పరీక్ష నెగ్గాలి. మన మొదటి గీతలో 1, 2, 10 మూడూ తప్పాయి. ఎనిమిదింట అయిదే నెగ్గాయి కాబట్టి రన్ పోయింది. r² మాత్రమే చూసే చోటైతే ఇదే రన్ దర్జాగా ముందుకు వెళ్తుంది.

శాతం తప్పును నిలువు అక్షం మీద, గాఢతను లాగ్ స్కేల్‌లో అడ్డం మీద పెట్టి ఒక గ్రాఫ్ వేసుకోండి. లాగ్ స్కేల్ తప్పనిసరి. లేకపోతే 1, 2, 10 మూడూ ఎడమ అంచుకు అతుక్కుని కనబడకుండా పోతాయి. వెయిట్ సరిగా లేని గీతకు ఆ గ్రాఫ్ ఎడమవైపు తోక ఒక్కసారిగా కిందికో పైకో విరుచుకుపడి ఉంటుంది.

కింద కాస్త తప్పితే రోగికి ఏమవుతుంది?

కాగితం మీద చిన్నదిగా కనిపించే ఈ తేడా ఫార్మకోకైనెటిక్స్‌లోకి నేరుగా నడిచి వెళ్తుంది. ఒక మందు ఒంట్లోంచి ఆరు గంటలకు సగం అయ్యే వేగంతో పోతోందనుకుందాం. ఒక నమూనాలో నిజంగా 20 నానోగ్రాములున్నాయి, ఆరు గంటల తర్వాతి నమూనాలో 10. మన వెయిట్ లేని గీత వాటిని 17, 6.9 అని చదువుతుంది. ఆ రెండు అంకెలతో హాఫ్-లైఫ్ కడితే ఆరు గంటలకు బదులు 4.6 గంటలు వస్తుంది. ఇంకొన్ని గంటల తర్వాత 3 నానోగ్రాములున్న నమూనాను అదే గీత మైనస్‌లో చూపిస్తుంది కాబట్టి అది పట్టికలోంచే ఎగిరిపోతుంది. చివరి నమూనాకు ఆవలి భాగాన్ని చివరి గాఢతతోనూ ఆ వేగంతోనూ అంచనా కట్టి ఏయూసీకి కలుపుతారు. రెండూ తప్పినప్పుడు ఆ కూడికా తప్పుతుంది. ఇంకో రోజు ఇంటర్‌సెప్ట్ కిందికి ఒరిగితే అదే మందు నెమ్మదిగా పోతున్నట్టు కనబడుతుంది.

వెయిట్ అంటే ఏం చేస్తున్నట్టు? 1/x² ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక్కో బిందువు దూరం వర్గాన్ని కూడేముందు ఒక అంకెతో గుణిస్తాం. ఊగులాట ఎక్కువున్న బిందువుకు చిన్న అంకె, తక్కువున్న బిందువుకు పెద్ద అంకె. సిద్ధాంతం ప్రకారం ఆ అంకె వేరియెన్స్‌కు విలోమంగా ఉండాలి. పై చివర, కింది చివర రెండూ శాతంలో ఒకే మోతాదు ఊగితే స్టాండర్డ్ డీవియేషన్ x తో పాటు పెరుగుతుంది, వేరియెన్స్ x² తో పాటు. కాబట్టి వెయిట్ 1/x². వెయిట్‌ల అసలు విలువలు ముఖ్యం కాదు, వాటి మధ్య నిష్పత్తే ముఖ్యం. అన్నిటినీ వెయ్యితో గుణించినా గీత మారదు.

ఇందులో మర్మమేమీ లేదని ఎక్సెల్‌లోనే చూసుకోవచ్చు. y = a + bx ను రెండు వైపులా x తో భాగించండి. y/x = b + a(1/x) అవుతుంది. అంటే y/x ను నిలువుగా, 1/x ను అడ్డంగా పెట్టి మామూలు సరళరేఖ అమరిస్తే అదే 1/x² వెయిట్ పెట్టిన అమరిక, అచ్చంగా అదే. ఆ కొత్త గీత ఇంటర్‌సెప్ట్ మన స్లోప్, దాని స్లోప్ మన ఇంటర్‌సెప్ట్. ఎక్సెల్ ట్రెండ్‌లైన్‌లో వెయిట్ పెట్టే వీలు లేదు కాబట్టి ఈ దారి చాలామందికి పనికొస్తుంది. మన పట్టికకు y/x కడితే 0.0123, 0.0106, 0.0104, 0.0098, 0.0103, 0.0103, 0.0101, 0.0097 వస్తాయి. ఇక్కడ ఎనిమిదీ ఒకే స్థాయి అంకెలు. ఎవరి మాటా ఎవరూ మింగెయ్యరు. మొదటిది కాస్త ఎక్కువుండటం కూడా కంటికి తెలుస్తుంది, ఆ కాస్తే అసలు ఇంటర్‌సెప్ట్.

సున్నా గాఢత నమూనాను ఈ గీతలో ఎందుకు కలపకూడదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1/0 కు అర్థం లేదు.

1/x పెట్టాలా, 1/x² పెట్టాలా?

మన పట్టికకే 1/x పెట్టి చూస్తే ఇంటర్‌సెప్ట్ 0.0023 వస్తుంది, అన్ని స్టాండర్డ్‌లూ ఆరు శాతం లోపలే తప్పుతాయి. తప్పుల శాతాలన్నీ గుర్తు చూడకుండా కూడితే 1/x కు 20.3, 1/x² కు 20.6. వెయిట్ లేని గీతకు అదే మొత్తం 534. వెయిట్ పెట్టడానికీ పెట్టకపోవడానికీ మధ్య ఉన్నది అగాధం, రెండు వెయిట్‌ల మధ్య ఉన్నది వెంట్రుకవాసి. ఈ మొత్తం తక్కువున్న వెయిట్‌ను ఎంచుకోవాలన్న పద్ధతి 2002లో అల్మెయిడా తన సహచరులతో కలిసి రాసిన పేపర్ తర్వాత బాగా వ్యాపించింది. అయితే ఒక్క రన్ చూసి 20.3 గెలిచిందని తీర్పు చెప్పకూడదు. రేపటి రన్‌లో అది తలకిందులు కావచ్చు.

తీర్పు ఇవ్వాల్సింది ఊగులాట తీరు. వ్యాలిడేషన్‌లో ప్రతి స్థాయికీ అయిదారు రెప్లికేట్లు ఎలాగూ ఉంటాయి. వాటి స్టాండర్డ్ డీవియేషన్‌నూ గాఢతనూ రెండిటినీ లాగ్ తీసి గ్రాఫ్ వేయండి. వాలు 1 దగ్గరుంటే 1/x², సగం దగ్గరుంటే 1/x. అయాన్‌లను లెక్కపెట్టడంలోని సహజ ఊగులాట ఒక్కటే మిగిలినప్పుడు వాలు సగం వస్తుంది. నమూనాను చేతితో శుద్ధి చేసే పనిలో శాతం తప్పులదే పైచేయి కాబట్టి ప్లాస్మా పద్ధతుల్లో 1/x² దగ్గరికే ఎక్కువగా వస్తుంది. అసలు వెయిట్ అవసరమా అన్న సందేహముంటే పై స్థాయి వేరియెన్స్‌ను కింది స్థాయి వేరియెన్స్‌తో భాగించండి. రెండు చోట్లా ఆరేసి రెప్లికేట్లుంటే, ఆ నిష్పత్తి 10.97 దాటితే ఒక శాతం స్థాయిలో తేడా నిజమే. వెయ్యి రెట్ల పరిధిలో అది వేలల్లోకి, లక్షల్లోకి పోతుంది.

ప్రతి స్థాయిలోనూ కొలిచిన వేరియెన్స్ విలోమాన్నే నేరుగా వెయిట్‌గా వాడొచ్చు కదా అని అడుగుతారు. మూడు నాలుగు రెప్లికేట్లతో కట్టిన వేరియెన్స్ నమ్మదగినది కాదు. మూడూ అనుకోకుండా దగ్గరగా పడితే ఆ బిందువుకు రావాల్సిన దానికంటే పదింతల పెత్తనం వచ్చేస్తుంది. అందుకే నున్నటి 1/x² వంటి సూత్రమే మేలు. ఒకసారి ఎంచుకున్నాక వ్యాలిడేషన్ మొదలుకొని చివరి రన్ దాకా అదే ఉంచాలి. రన్ రన్‌కూ బాగా కుదిరిన వెయిట్ ఏరుకోవడం ఫలితాన్ని ఏరుకోవడమే.

వెయిట్ ఏం చేయలేదు?

వంపును సరిచేయలేదు. పై గాఢతల్లో డిటెక్టర్ నిండిపోతే సిగ్నల్ సరళరేఖ వదిలి పక్కకు వాలుతుంది. అలాంటి చోట వెయిట్ లేని గీత ఇంటర్‌సెప్ట్ రోజూ ఒకే వైపు, ప్లస్ వైపే పోతుంది. 1/x² పెడితే కింది చివర బాగుపడుతుంది గానీ 800, 1000 ప్రతి రన్‌లోనూ తక్కువే చదువుతాయి. అది కనిపిస్తే పరిధిని తగ్గించి పై నమూనాలను పలచన చేసి కొలవాలి, లేదా వెయిట్ ఉంచి క్వాడ్రాటిక్‌కు వెళ్లాలి. సరిపోయేవాటిలో సులువైన మోడల్ ఎంచుకోమంటుంది ఎం10, కాబట్టి మొదటి దారే ముందు చూడాలి.

రెండో పరిమితి కింది చివరే. బాగా అడుగున శాతం తప్పుతో పాటు బేస్‌లైన్ రొద కూడా చేరుతుంది, అది గాఢతతో తగ్గదు. అక్కడ 1/x² కింది స్టాండర్డ్‌కు దాని అర్హతకు మించిన నమ్మకం ఇస్తుంది. మన లెక్కలో మొత్తం వెయిట్ 1.26, అందులో 1 నానోగ్రాము స్టాండర్డ్ ఒక్కదానిదే 1. ఆ ట్యూబు తయారీలో పొరపాటు జరిగితే ఇంటర్‌సెప్ట్ దానివెంటే పోతుంది. అందుకని అత్యల్ప స్టాండర్డ్‌ను జంటగా పెట్టడం మంచి అలవాటు. కర్వ్ బాగుందో లేదో చెప్పే సాక్ష్యం కర్వ్‌లో లేని ట్యూబుల నుంచి, అంటే విడిగా తయారుచేసిన క్యూసీల నుంచి రావాలి. ముఖ్యంగా అత్యల్ప స్టాండర్డ్‌కు మూడు రెట్లలోపు ఉండే లో క్యూసీ నుంచి.

సాఫ్ట్‌వేర్‌కు ఎలా చెప్పాలి?

ఇక్కడ ఒక గుంట ఉంది. ఈ రెండు వరుసలూ ఒకే గీతను ఇస్తాయి:

```
np.polyfit(x, y, 1, w=1/x)
lm(y ~ x, weights = 1/x^2)
```

మొదటిది పైథాన్. అందులో `w` దూరాన్ని గుణిస్తుంది, వర్గం ఆ తర్వాత. రెండోది ఆర్. అందులో `weights` వర్గం చేసిన దూరాన్ని గుణిస్తుంది. ఆర్‌లో అలవాటైన చేతితో పైథాన్‌లో `w=1/x**2` అని రాస్తే జరిగేది 1/x⁴ వెయిట్. అప్పుడు మన పట్టికకు స్లోప్ 0.00906కు పడిపోతుంది, గీత దాదాపు మొదటి రెండు ట్యూబుల మాటే వింటుంది. 100 స్టాండర్డ్ 113 అనీ, 400 స్టాండర్డ్ 454 అనీ చదువుతుంది. అయినా ఎనిమిది స్టాండర్డ్‌లూ 15 శాతం లోపలే ఉంటాయి, రన్ నెగ్గుతుంది. తప్పులన్నీ 10 నుంచి పైకి ప్లస్ వైపే బారులు తీరి ఉండటమొక్కటే దాన్ని పట్టిస్తుంది. కాబట్టి కొత్త ప్రోగ్రాము వాడేముందు పై పట్టికను ఒకసారి దానికి ఇచ్చి చూడండి. 1/x² అని ఎంచుకున్నప్పుడు స్లోప్ 0.01002, ఇంటర్‌సెప్ట్ 0.00207 రావాలి. 1/x కు 0.00997, 0.00230 రావాలి.